పాంక్రియాటైటిస్ తగ్గి ఇంటికొచ్చిన మనిషికి ఏం వండి పెట్టాలి, కల్లు ఎందుకు వద్దు, ఏ నొప్పికి ఆగకుండా దవాఖానకు పోవాలి

ప్రశ్న: "మా అన్నకు 36 ఏండ్లు, దేవరకొండ దగ్గర ఊరు. తాగుడుతోని పాంక్రియాటైటిస్ వచ్చిందని వారం రోజులు దవాఖానల ఉంచి మొన్న ఇంటికి పంపిన్రు. నూనె లేకుంట తినుమన్నరు. మేము జావ, పెరుగన్నం తప్ప ఏం పెడ్తలేం, మనిషి మస్తు సన్నగైండు, 52 కిలోలకొచ్చిండు. అమ్మనేమో బలానికి పాయ చేసి పెడ్తనంటది. మందు బంజేస్త గని కల్లు తాగొచ్చా అని అన్న అడుగుతుండు. మళ్ల వస్తే ముందుగాల ఎట్ల తెలుస్తది?"

జవాబు:

జావ మీదనే ఉంచకండి. వాంతులు లేకుండా, తిన్నది పడుతూ ఇంటికి వచ్చిన మనిషి అన్నం, పప్పు, కూరగాయలు, జొన్నరొట్టె, చేప, గుడ్డు తెల్లసొన అన్నీ తినొచ్చు. తగ్గించాల్సింది కొవ్వు. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు అన్ని పదార్థాల్లోంచి కలిపి రోజుకు 30 గ్రాములు దాటకుండా చూడండి. పాయ ఇప్పుడు వద్దు. కల్లు కూడా మందే, అది ఒక్క గ్లాసు కూడా కుదరదు. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పోయే నొప్పి వచ్చినా, నీళ్లు కూడా నిలవకుండా వాంతులైనా గ్యాస్ అనుకొని కూర్చోకుండా అప్పుడే బయలుదేరండి.

గ్యాస్ట్రో వార్డులో డైటీషియన్‌గా ఇట్లాంటి వాళ్లకు నిత్యం తిండి రాసిస్తుంటాను. కొవ్వు మీదనే ఇంత పట్టుదల ఎందుకో ముందు చెప్తా. కొవ్వున్న తిండి పొట్ట దాటి పేగులోకి దిగగానే అక్కడి నుంచి ఒక హార్మోన్ విడుదలై, కొవ్వును అరిగించే రసాలు పంపమని పాంక్రియాస్ అనే గ్రంథిని తొందరపెడుతుంది. వాపు ఇంకా పూర్తిగా తగ్గని గ్రంథికి ఆ పని భారమవుతుంది, నొప్పి తిరగబెడుతుంది. అన్నం, రొట్టె అంత ఒత్తిడి పెట్టవు. అందుకే నూనె తగ్గించి మెతుకు పెంచాలి. చాలా ఇండ్లల్లో దీనికి ఉల్టా జరుగుతుంది. భయంతో మెతుకు తగ్గిస్తారు, పది రోజులకు మనిషి నీరసించినంక బలం కోసమని పాయ, నాటుకోడి పులుసు ఒక్కసారే పెడతారు.

నూనె లెక్క ఇంట్లో ఎట్ల పెట్టుకోవాలి

"నూనె తక్కువ వేస్తున్నం" అనే మాటను నేను లెక్కలోకి తీసుకోను. ఇంటికి నెలకు ఎన్ని లీటర్ల నూనె వస్తుందో, ఎంతమంది తింటారో అడుగుతాను. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్ల డబ్బా అయిపోతుందంటే మనిషికి రోజుకు దాదాపు 41 మిల్లీలీటర్లు, అంటే ఒక్క నూనె నుంచే 38 గ్రాముల కొవ్వు. పాలు, పల్లీలు, మాంసం ఇంకా కలపనే లేదు, 30 గ్రాముల హద్దు అప్పటికే దాటిపోయింది.

మీ అన్నకు రోజుకు మూడు టీ చెంచాలు, అంటే 15 మిల్లీలీటర్లు, చాలు. దాంట్లో 14 గ్రాముల దాకా కొవ్వుంటుంది. మిగతా సగం తిండిలోంచి ఎట్లాగూ వస్తుంది. దగ్గు మందు సీసాతో వచ్చే 5 మిల్లీలీటర్ల కొలత మూత ఉంటే కడిగి దాంతోనే కొలవండి. చేతివాటంగా సీసాలోంచి పోస్తే మూడు చెంచాలు అనుకున్నది ఆరు అవుతుంది. ఇంకా సులువుగా కావాలంటే, పొద్దున్నే మూడు మూతల నూనె చిన్న గిన్నెలో పోసి పక్కన పెట్టండి. ఆయన వంటకు ఆ రోజు అదే నూనె. అయిపోతే రేపటిదాకా లేదు.

ఆయన కోసం వేరే వంట చేయాల్సిన పని లేదు. పప్పు కుక్కర్‌లో టమాట, పచ్చిమిర్చి వేసి ఉడికించాక, తాలింపు పెట్టకముందే ఆయన గిన్నె తీసి పెట్టండి. ఆ గిన్నెకు ఒక్క టీ చెంచా నూనెతో జీలకర్ర, వెల్లుల్లి వేగించి కలపండి. కూరకు ఉల్లిగడ్డ నూనెలో ఎర్రగా వేగాలని చూడకుండా, చెంచా నూనెలో ఒక్కసారి తిప్పి, రెండు చెంచాల నీళ్లు చల్లి మూత పెడితే అదే మగ్గుతుంది. బీరకాయ, సోరకాయ, పొట్లకాయ, టమాట వాటి నీళ్లలోనే ఉడుకుతాయి. బెండకాయ, వంకాయ, ఆలుగడ్డ వేపుళ్లు నూనెను పీలుస్తాయి, వాటిని ఈ నెలన్నర పక్కన పెట్టండి. పచ్చిపులుసు మనవాళ్లకు తెలిసిన తిండి, తాలింపు లేకుండా కూడా బాగుంటుంది. అయితే నువ్వుల పొడి కలపకుండా చేయండి.

కారం వల్ల పాంక్రియాటైటిస్ రాదు. మొదటి వారం తగ్గిస్తే పొట్టలో మంట ఉండదు, అంతే. కారం పూర్తిగా మాన్పించి, చప్పిడి తిండి పెట్టి, మనిషి సగం పళ్లెం వదిలేస్తుంటే దానితో నష్టమే.

కనబడని కొవ్వు

మన పాలమూరు, నల్లగొండ ఇండ్లల్లో కొవ్వు సీసాలో కంటే రోట్లో ఎక్కువుంటుంది. పల్లీల్లో బరువులో సగానికి దగ్గరగా కొవ్వే. ఒక గుప్పెడు, అంటే 30 గ్రాముల పల్లీలు తింటే 14 గ్రాములు, మీ అన్న రోజంతటి నూనె ఒక్క గుప్పెట్లో అయిపోతుంది. ఇడ్లీలోకి పల్లీ చట్నీ, వంకాయ కూరలో నువ్వులు, ఎండుకొబ్బరి ముద్ద, అన్నంలోకి పల్లీల కారప్పొడి, ఇవన్నీ "నూనె లేని" తిండిగా పళ్లెంలోకి వస్తాయి. నువ్వులు కూడా పల్లీలంతే, ఎండుకొబ్బరి ఇంకా ఎక్కువ. చట్నీ కావాలంటే టమాట, పుదీన, కొత్తిమీర, వేయించిన పుట్నాలు కొద్దిగా వేసి చేయండి. మామిడి తొక్కు తినాలనిపిస్తే ముక్క తీసుకొని, పైన తేలే నూనె వదిలేయాలి.

తర్వాతది పాలు. ఇంటి బర్రె పాలలో 6 నుంచి 7 శాతం కొవ్వుంటుంది, అందుకని ఒక పెద్ద గ్లాసు తాగితే 16 గ్రాములు లోపలికి పోతుంది. మీరు పెడుతున్న పెరుగన్నం ఆ పాల పెరుగుతోనే అయితే, ఆయనకు నూనె ఆపి మీగడ పెడుతున్నట్టే లెక్క. ప్యాకెట్ పాలు కొంటే డబుల్ టోన్డ్ అని రాసి ఉన్నవి తీసుకోండి, వాటిలో 1.5 శాతం ఉంటుంది. వెన్న తీసిన పాలలో అర శాతమే. ఇంటి పాలే వాడాలంటే కాచి, పూర్తిగా చల్లారనిచ్చి, మీగడ తీసి, మళ్లీ కాచి మళ్లీ తీయండి. అప్పుడు కూడా వెన్న తీసిన పాలంత పలుచన కావు కాబట్టి ఒక చిన్న గ్లాసుతో ఆపాలి. కవ్వంతో చిలికి వెన్న తీసిన సల్ల మాత్రం ఎంత తాగినా పర్లేదు. పెరుగులో నీళ్లు పోసి గిలక్కొట్టింది ఆ సల్ల కాదు, దాంట్లో వెన్న అట్లనే ఉంటుంది.

మాంసం విషయంలో అమ్మగారికి ఇట్ల చెప్పండి. పాయలో బలం అనుకునేది చాలావరకు కొవ్వు, జిగట. ఇప్పుడు ఆయనకు కావాల్సింది మాంసకృత్తులు. అవి కొర్రమీను, రవ్వు, బొచ్చె చేపల పులుసులో, తోలు తీసిన కోడి రొమ్ము ముక్కలో, గుడ్డు తెల్లసొనలో, పప్పులో బాగా దొరుకుతాయి. గుడ్డు పచ్చసొన ఒక్కదాంట్లోనే 5 గ్రాముల కొవ్వుంటుంది, ఒక నెల దాన్ని వేరేవాళ్లకు పెట్టండి. మటన్, బోటి, తలకాయ కూర ఈ ఆరు వారాలు వద్దు. మరీ మనసు ఆగక సూప్ చేసినా, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పైన గడ్డకట్టిన తెల్లటి కొవ్వు మొత్తం తీసేసి, కింది నీళ్లు మాత్రమే వేడిచేసి ఇవ్వండి.

మీ అన్నకు ఒక రోజు తిండి

52 కిలోల మనిషి, బరువు తగ్గి ఉన్నాడు. ఆయనకు రోజుకు దాదాపు 70 గ్రాముల మాంసకృత్తులు, 1900 క్యాలరీల పైచిలుకు చేరాలి. మూడు పూటల్లో కడుపు నిండా పెడితే పొట్ట బిగుసుకుంటుంది కాబట్టి దాన్ని ఆరు సార్లుగా విడగొట్టండి.

పొద్దున 8 గంటలకు మూడు ఇడ్లీలు, సాంబారు లేదా టమాట చట్నీ. 10:30కు ఒక అరటిపండు, ఒక గ్లాసు వెన్న తీసిన సల్ల. మధ్యాహ్నం ఒంటిగంటకు రెండు కప్పుల మెత్తటి అన్నం, ఒక గిన్నె గట్టి పప్పు, సోరకాయ కూర, పచ్చిపులుసు. 4 గంటలకు ఒక గ్లాసు వెన్న తీసిన పాలు, రెండు ఉడకబెట్టిన తెల్లసొనలు. రాత్రి 7:30కు రెండు జొన్నరొట్టెలు, 120 గ్రాముల చేప ముక్కలతో పులుసు. పడుకునే ముందు ఇంకో చిన్న గ్లాసు పాలు, ఒక పండు. మూడు చెంచాల నూనె మధ్యాహ్నం పప్పుకు ఒకటి, కూరకు ఒకటి, రాత్రి పులుసుకు ఒకటి. ఇట్ల తింటే కొవ్వు 25 గ్రాముల లోపలే ఉంటుంది, మాంసకృత్తులు 70 దాటుతాయి.

జొన్నరొట్టె మొదటి వారం బరువనిపిస్తే గట్క చేసి సల్లలో కలిపి పెట్టండి. రాత్రి భోజనం తిన్నాక కనీసం రెండు గంటలు పడుకోకూడదు. తిన్న అరగంటకు పొట్ట పైన బరువుగా అనిపించిందంటే ఆ పూట నూనె ఎక్కువైందా, పళ్లెం పెద్దదైందా చూడండి. ఎక్కువసార్లు పళ్లెమే పెద్దదై ఉంటుంది.

ప్రతి వారం ఒకే రోజు, పొద్దున ఖాళీ కడుపుతో బరువు చూడండి. బరువు నిలబడి, నొప్పి లేకపోతే ఆరు వారాల తర్వాత డాక్టరుతో మాట్లాడి వారానికి ఒక చెంచా చొప్పున నూనె పెంచుకోవచ్చు. జీవితాంతం మూడు చెంచాలే అని పట్టుబడితే మనిషి చిక్కిపోతాడు, విటమిన్లు కూడా ఒంటికి పట్టవు. తిండి సరిగ్గా తింటున్నా బరువు తగ్గుతూ, విరేచనం జిడ్డుగా, దుర్వాసనతో, నీళ్లు పోసినా కొట్టుకుపోకుండా తేలుతుంటే పాంక్రియాస్ రసాలు సరిపోవడం లేదని అర్థం. దానికి ఇంకా నూనె తగ్గించడం మందు కాదు. ఎంజైమ్ క్యాప్సూల్స్ రాస్తారు, వాటిని తిండి మొదటి ముద్దలతో పాటే మింగాలి. తిన్న గంటకు వేసుకుంటే పని చేయవు.

కల్లు సంగతి

"మందు మానేసిన, కల్లే కదా" అనే మాట ఈ జిల్లాల్లో పాంక్రియాటైటిస్ వచ్చినవాళ్ల ఇండ్లల్లో తరచూ వినబడుతుంది. అందుకే దీన్ని అంకెల్లో చూపిస్తా. పులిసిన కల్లులో సుమారు 4 నుంచి 5 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అట్లాంటిది ఒక లీటరు తాగితే 32 నుంచి 40 గ్రాముల ఆల్కహాల్ ఒంట్లోకి పోతుంది. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు సీసాలో ఉండేది 25 గ్రాములు. అంటే ఒక లీటరు కల్లు ఒకటింబావు బీరుకు తక్కువ కాదు. క్వార్టర్ విస్కీలో 60 గ్రాములు. పాంక్రియాస్‌కు చేరేది ఆల్కహాలే, అది ఈత చెట్టు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అనే తేడా దానికి లేదు. ఒకసారి మందు వల్ల దెబ్బతిన్న గ్రంథికి ఇంత తాగితే పర్లేదు అనే సురక్షితమైన కొలత ఏదీ లేదు. పూర్తిగా మానినవాళ్లలో మళ్లీ రావడం బాగా తగ్గుతుంది, తగ్గించి తాగేవాళ్లకు ఆ భరోసా ఉండదు.

కల్లుకు ఇంకో ప్రమాదం ఉంది. దుకాణాల్లో దొరికే కల్లులో మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలం కలిపి అమ్మిన సంగతులు మన దగ్గర బయటపడుతూనే ఉన్నాయి. అట్లాంటి కల్లు రోజూ తాగే మనిషి ఒక్కసారే మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనబడడం, ఫిట్స్ రావడం జరుగుతుంది. మీ అన్న వారం రోజులు వార్డులోనే ఉన్నాడు కాబట్టి ఆ గండం చాలావరకు దాటింది. కానీ ఇంటికొచ్చి మళ్లీ కొన్నాళ్లు తాగి ఉంటే, ఇంట్లో గదిలో పెట్టి మాన్పించడానికి చూడకండి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగంలో చూపించి, మందులతో మాన్పించాలి. మానేయడానికి సలహా కావాలంటే 14446 నంబరుకు ఫోన్ చేయొచ్చు, అది ఉచితం.

దసరా, పెత్తరమాస, పెండ్లి దావత్ ముందే చూసుకోండి. ఆ రోజు బగారన్నం, మటన్, కల్లు మూడూ కూర్చున్న చోటికే వస్తాయి. పోకుండా ఉండలేకపోతే ఇంట్లో తిని పోవాలి, అక్కడ అన్నం, పప్పుచారు, సల్లతో ఆపాలి. ఆకలి కోసం, నీరసం కోసం అని దుకాణంలో ఇచ్చే ఆయుర్వేద అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవే, వాటిలోనూ ఆల్కహాల్ ఉంటుంది, అవి కూడా వద్దు. బీడీ, సిగరెట్ వేరుగా పాంక్రియాస్‌ను దెబ్బతీస్తాయి. మందు మానేసి బీడీలు పెంచినవాళ్లు సగం దారిలోనే ఆగినట్టు.

ఏ నొప్పికి ఆగొద్దు

గ్యాస్ నొప్పి పొట్టలో అటూ ఇటూ తిరుగుతుంది, తేనుపు వస్తేనో, విరేచనమైతేనో తగ్గుతుంది. పాంక్రియాస్ నొప్పి బొడ్డు పైన, పక్కటెముకల కింద ఒక్కచోట పట్టుకొని వీపులోకి గుచ్చినట్టు పోతుంది. వెల్లకిలా పడుకుంటే పెరుగుతుంది, కూర్చొని ముందుకు వంగితే కొంచెం నయమనిపిస్తుంది. మొదటిసారి నొప్పి ఎట్ల ఉండెనో మీ అన్నకు గుర్తుంటుంది. "అదే నొప్పి" అని ఆయన అంటే ఆ మాటను నమ్మండి.

అట్లాంటి నొప్పి మొదలవగానే నోట్లోకి ఏమీ ఇవ్వకండి, సోడా, ఈనో, గ్యాస్ గోలీ ఏదీ వద్దు. తగ్గుతుందేమో అని చూడకుండా అప్పుడే 108కి ఫోన్ చేయండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ సూది వేయించుకుంటే రెండు గంటలు నొప్పి మాటున పడుతుంది, లోపల వాపు మాత్రం ఆగదు. వాంతులతో ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు ఆ సూది కిడ్నీలను కూడా దెబ్బతీయొచ్చు. దవాఖానకు చేరిన మనిషికి సెలైన్ త్వరగా ఎక్కడం ముఖ్యం, ఆ మొదటి గంటలు సూదితో పోగొట్టుకోవద్దు.

నొప్పి లేకపోయినా ఆగకూడని గుర్తులు కొన్ని ఉన్నాయి. చలితో జ్వరం, కండ్లు పచ్చబడడం, మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం, పొట్ట ఉబ్బి గట్టిపడడం, ఆయాసం, మనిషి తికమకగా మాట్లాడడం, విరేచనం తారులాగా నల్లగా రావడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా అదే రోజు పోవాలి. మూడు నాలుగు వారాలు దాటినంక రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటే, తిన్నది కక్కుతుంటే, పొట్ట పైభాగంలో గడ్డలాగా చేతికి తగిలితే పాంక్రియాస్ చుట్టూ నీరు చేరి సంచిలాగా కట్టి ఉండొచ్చు. అది తిండి మార్చితే పోదు, స్కానింగ్ కావాలి. దప్పిక, మాటిమాటికి మూత్రం ఎక్కువైతే షుగర్ పరీక్ష చేయించండి, దెబ్బతిన్న పాంక్రియాస్ ఇన్సులిన్ కూడా తగ్గిస్తుంది.

ఒక జాగ్రత్త. నొప్పి ఏమీ లేకుండా ఊరికే లైపేజ్, అమైలేజ్ రక్తపరీక్షలు మళ్లీమళ్లీ చేయించకండి. అవి కొన్నాళ్లు కాస్త ఎక్కువగానే ఉండొచ్చు, అంతమాత్రాన రోగం తిరగబెట్టినట్టు కాదు. దానికి ఉల్టాగా, నొప్పి గట్టిగా ఉండి అమైలేజ్ మామూలుగా వచ్చిందని ఇంటికి పంపిస్తామంటే, "పోయినసారి పాంక్రియాటైటిస్ అయింది" అని డిశ్చార్జ్ కాగితం చూపించండి. ఆలస్యంగా పోతే అమైలేజ్ అప్పటికే దిగిపోయి ఉండొచ్చు. ఆ కాగితం ఫోటో మీ ఫోన్‌లో, అన్న ఫోన్‌లో రెండింట్లో ఉంచండి.

అదే కాగితంలో ఇంకో రెండు విషయాలు ఇప్పుడే చూడండి. స్కాన్ రిపోర్టులో పిత్తాశయంలో రాళ్లు అని ఉందా, రక్తంలో కొవ్వు చూపే ట్రైగ్లిజరైడ్స్ ఎంత రాశారు. రాళ్లుంటే మందు మానేసినా, నూనె తగ్గించినా అవి జారి మళ్లీ నొప్పి తెస్తాయి, పిత్తాశయం తీయించే ఆపరేషన్ ఎప్పుడో సర్జన్‌ను అడగాలి. ట్రైగ్లిజరైడ్స్ 1000 దాటి ఉంటే దానికి విడిగా మందులుంటాయి, తిండిలో నూనెతో పాటు చక్కెర, బెల్లం, కూల్‌డ్రింకులు, పండ్ల రసాలు కూడా ఆపాలి, పైన రాసిన అన్నం కొలత, పండ్ల లెక్క కూడా మార్చాలి. ఆ రెండు విషయాలు ఇక్కడ రాస్తే దాన్నిబట్టి చెప్తాను.